గుడ్డులో రక్తపు చుక్క, జంట సొన: తినవచ్చా?

ప్రశ్న: మా పెరట్లో పది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటిలో ఆరు పెట్టలు మూడు వారాల క్రితమే కొత్తగా గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. రోజుకు ఏడు గుడ్ల వరకు వస్తున్నాయి, ఏ రోజువి ఆ రోజే ఏరి తీసుకుంటున్నాము. ఈ మూడు వారాల్లో ఐదు గుడ్లలో రెండేసి సొనలు ఉన్నాయి. నాలుగు గుడ్లలో పచ్చసొన మీద ఎర్రటి చుక్క కనిపించింది. మూడింటిలో అది ఆవగింజంతే, ఒకదానిలో మాత్రం పెసరగింజంత ఉంది. లోపల పిల్ల మొదలైందని మా అత్తగారు, కోడికి ఏదో జబ్బు ఉందని మావారు అంటున్నారు. ఇలాంటి గుడ్లు తినవచ్చా? పిల్లలకు పెట్టవచ్చా?

సమాధానం: తినవచ్చు, పిల్లలకూ పెట్టవచ్చు. పెంకు పగలకుండా ఉండి, తెల్లసొన రంగు మారకుండా ఉండి, గుడ్డును గట్టిపడేవరకు వండితే చాలు. పెసరగింజంత చుక్క ఉన్న గుడ్డు విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు, దాని సంగతి తరువాత చెబుతాను. ముందు మీ ఇంట్లో నడుస్తున్న వాదం తేలాలంటే, గుడ్డు బయటికి రావడానికి సుమారు ఒక రోజు ముందు పెట్ట కడుపులో ఏం జరుగుతుందో తెలియాలి. రక్తపు చుక్కకు గానీ, రెండు సొనలకు గానీ కారణం చాలావరకు ఆ ముందురోజు పచ్చసొన అండాశయాన్ని విడిచిపెట్టే కొద్ది నిమిషాల్లోనే ఉంటుంది.

కోడిపెట్టలో సాధారణంగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అది చూడటానికి ద్రాక్షగుత్తిలా ఉంటుంది. చిన్నా పెద్దా పచ్చసొనలు దానికి వేలాడుతూ ఉంటాయి. గుడ్లు పెడుతున్న పెట్టలో పసుపు రంగు తిరిగిన పెద్ద సొనలు ఐదారు ఉంటాయి, అవి కూడా ఒకే సైజులో ఉండవు. రేపు విడుదల కావలసినది అన్నిటికన్నా పెద్దది, ఎల్లుండిది దానికన్నా కొంచెం చిన్నది, ఇలా వరుస కట్టి ఉంటాయి. ప్రతి సొననూ ఒక పలుచని సంచి కప్పి ఉంచుతుంది. సొన చివరి వారం పది రోజుల్లోనే చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి, దానికి కావలసిన పోషకాలను మోసుకొచ్చే రక్తనాళాలు ఆ సంచి గోడ నిండా వలలా అల్లుకుని ఉంటాయి. అయితే సంచి మీద ఒకచోట మాత్రం సన్నని పట్టీలాంటి భాగం తెల్లగా, రక్తనాళాలు దాదాపు లేనట్టుగా కనిపిస్తుంది. దాన్ని స్టిగ్మా అంటారు. సొన పూర్తిగా పెరిగాక సంచి ఆ పట్టీ వెంటే చీలుతుంది, సొన జారి బయటపడుతుంది. చీలిక పట్టీ దాటకపోతే నెత్తురు కారదు.

జారిన సొనను అండవాహిక మొదట్లో ఉండే గరాటులాంటి భాగం అందుకుంటుంది. పుంజు వీర్యంతో కలయిక జరిగితే అది ఈ గరాటులోనే, పావుగంట ఇరవై నిమిషాల వ్యవధిలో జరగాలి. ఆ తరువాత దాదాపు మూడు గంటల పాటు సొన చుట్టూ తెల్లసొన చేరుతుంది, మరో గంటకు పైగా పెంకు కింది పలుచని పొరలు ఏర్పడతాయి, మిగిలిన ఇరవై గంటలూ పెంకు తయారీకే పోతాయి. మొత్తం మీద సొన జారినప్పటి నుంచి గుడ్డు బయటపడేవరకు ఇరవై అయిదు గంటలు, కొంచెం అటూ ఇటూగా, పడుతుంది. పెట్ట గుడ్డు పెట్టిన అరగంట ప్రాంతంలో తరువాతి సొన జారుతుంది.

ఇప్పుడు చుక్క సంగతి చూద్దాం. సంచి చీలేటప్పుడు చీలిక స్టిగ్మా హద్దు కొంచెం దాటినా, ఆ పట్టీకి అడ్డంగా ఒక సన్నని నాళం వచ్చి ఉన్నా, అది తెగి ఒక బొట్టు నెత్తురు సొనకు అంటుకుంటుంది. దాని మీదే తెల్లసొన పేరుకుంటుంది, పెంకు కడుతుంది. మరునాడు మీరు గుడ్డు పగలగొట్టినప్పుడు కనిపించేది ఆ బొట్టే. సొన జారిన తరువాత అండవాహిక గోడలో నాళం ఏదైనా చిట్లితే, రక్తం సొన మీద కాకుండా తెల్లసొనలో ఉంటుంది. ఎర్రగా కాక గోధుమరంగులో, చిన్న తునకలా కనిపించే మచ్చలు మరో రకం. వాటిని మాంసపు మచ్చలు అంటారు కానీ అది మాంసం కాదు. రంగు మారిన పాత రక్తం కావచ్చు, అండవాహిక లోపలి పొర నుంచి ఊడిన చిన్న పెచ్చు కావచ్చు. ఇవి గోధుమరంగు పెంకు గుడ్లలో ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక మీ అత్తగారి సందేహం. ఇంట్లో పుంజు ఉంది కాబట్టి దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. మీ గుడ్లలో చాలావాటిలో కలయిక జరిగే ఉంటుంది. అయినా ఆ చుక్క పిల్ల కాదని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. కలయిక జరిగిన గుడ్డులో పిండం పెరగాలంటే పొదుగుడు వేడి, అంటే ముప్పై ఏడున్నర డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత, ఆగకుండా అందాలి. అలా అందినా కంటికి రక్తనాళాలు కనబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఏ రోజు గుడ్డు ఆ రోజే తీస్తున్నారు కాబట్టి, వాటిని చల్లని చోట పెడితే ఆ అవకాశం లేదు. ఇరవై డిగ్రీలకు దిగువన పిండం ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మండుటెండల్లో ముప్పై డిగ్రీలు దాటిన గదిలో గుడ్లు రోజుల తరబడి ఉండిపోతే, లేదా పొదుగుడు పట్టిన పెట్ట కింద ఒక గుడ్డు మీ కళ్లు కప్పి మిగిలిపోతే మాత్రం ఆమె మాట నిజం కావచ్చు.

కంటితో చూసి తేల్చుకోవడమూ కష్టం కాదు. ఈసారి చుక్క ఉన్న గుడ్డు దొరికినప్పుడు నేరుగా పెనం మీద వేయకుండా, తెల్లటి సాసరులోకి పగలగొట్టి కిటికీ వెలుతురులో పెట్టి చూడండి. రక్తపు చుక్క ఒంటరిగా ఉంటుంది. అంచు కొంచెం గరుకుగా ఉన్నా, దాని నుంచి గీతలేవీ బయలుదేరవు. చెంచా కొనతో మెల్లగా తాకితే సొన పొర చిరగకుండానే తరచుగా చుక్క పక్కకు కదులుతుంది, ఒక్కోసారి ఊడి చెంచాకు వచ్చేస్తుంది. ఇప్పుడు చెంచాతో సొనను నెమ్మదిగా తిప్పండి. పైభాగంలో ఎక్కడో ఒకచోట మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున లేత తెల్లటి మచ్చ కనిపిస్తుంది. పిల్ల మొదలయ్యేది అక్కడే, ఎర్రచుక్క దగ్గర కాదు. కలయిక జరగని గుడ్డులో ఆ తెల్లమచ్చ ముద్దలా, అంచులు తీరుగా లేకుండా ఉంటుంది. జరిగిన గుడ్డులో చక్కని గుండ్రని వలయంలా, మధ్యలో కొంచెం పలుచగా ఉంటుంది. పెరుగుదల నిజంగా మొదలైన గుడ్డు ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ వలయం వెడల్పై, దాని చుట్టూ సాలెగూడు పోగుల్లా ఎర్రటి సన్నని గీతలు పాకి ఉంటాయి. అలాంటిది కనిపిస్తే పారేయండి. సొనకు రెండు వైపులా తెల్లగా మెలితిరిగిన తాళ్లలాంటివి ఉంటాయి. వాటిని పిల్ల అనుకుని భయపడేవారూ ఉన్నారు కానీ, సొన గుడ్డు మధ్యలో నిలిచేలా పట్టి ఉంచేవి అవే. గుడ్డు ఎంత తాజాదైతే అవి అంత స్పష్టంగా కనిపిస్తాయి.

తాజాదనం మాట వచ్చింది కాబట్టి, చుక్క ఎర్రగా మెరుస్తుంటే గుడ్డు పాతదని అనుకోకండి. గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ తెల్లసొనలోని నీరు పచ్చసొనలోకి చేరుతుంది, ఆ నీటికి చుక్క పలచబడి రంగు వెలుస్తుంది. కొట్టొచ్చినట్టు కనిపించే చుక్క సాధారణంగా తాజా గుడ్డులోనిదే.

మీవారు అంటున్న జబ్బు మాటకు లెక్క కట్టి చూద్దాం. రోజుకు ఏడు చొప్పున మూడు వారాలకు నూట నలభై ఏడు గుడ్లు. అందులో నాలుగు అంటే వందకు మూడుకు కొంచెం తక్కువ. అమ్మకానికి వచ్చే గుడ్లలో రక్తపు చుక్క ఉన్నవి వందకు ఒకటి కూడా ఉండవని చెబుతారు. అయితే అక్కడ గుడ్లను బలమైన దీపం ముందు పెట్టి చూసి, మచ్చ కనిపించినవాటిని తీసేశాకే బయటికి పంపుతారు. మీరు ఏరిన ప్రతి గుడ్డునూ మీరే పగలగొడుతున్నారు, కనుక మీ లెక్కను ఆ లెక్కతో పోల్చలేము. నాలుగు గుడ్లను బట్టి మందలో జబ్బు ఉందని నేను అనను. ఆ నాలుగూ ఒకే పెట్టవా, వేరువేరు పెట్టలవా అన్నదే నేను తెలుసుకోదలచిన విషయం.

దాన్ని మీరే కనిపెట్టగలరు. ఒక్కో పెట్ట గుడ్డుకు దాని ఆకారం, పెంకు ఛాయ, మొన ఉండే తీరు దాదాపు మారవు. రెండు వారాలు గమనిస్తే ఏ గుడ్డు ఎవరిదో చాలావరకు పోల్చుకోగలుగుతారు. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ, మీకు తెలిస్తే పెట్ట గుర్తు రాయండి. పగలగొట్టినప్పుడు చుక్క ఉందో లేదో ఒక కాగితం మీద వేసుకోండి. చుక్కలన్నీ ఒకే పెట్టవైతే అది దాని వంశలక్షణం. రక్తపు చుక్కలు వచ్చే స్వభావం తల్లి నుంచి బిడ్డకు దిగుతుందని కోళ్ల పెంపకందారులు చాలాకాలంగా ఎరుగుదురు, అలాంటి పెట్టలను పక్కన పెట్టి ఆ స్వభావాన్ని తగ్గించారు కూడా. ఆ పెట్ట ఆరోగ్యంగానే ఉంటుంది. దాని గుడ్లను పిల్లలకోసం మాత్రం పొదిగించకండి.

చుక్కలు చాలా పెట్టల గుడ్లలో కొద్ది రోజుల్లోనే కనిపిస్తే కారణం మంద మొత్తానికి సంబంధించినది. అప్పుడు ఆ గుడ్లు పెట్టిన రోజును కాదు, దాని ముందురోజును గుర్తు చేసుకోండి. రాత్రివేళ కుక్క గూటిమీద పడి ఉండవచ్చు, కోళ్లను పట్టుకుని బెదరగొట్టి ఉండవచ్చు, లేదా రాత్రంతా దీపం వెలుగుతూ ఉండిపోయి ఉండవచ్చు. సొన జారే వేళకు పెట్ట బెదిరితే నాళం తెగే అవకాశం పెరుగుతుంది. అలాంటి సంఘటన ఏదీ లేకుండా చుక్కలు వారాల తరబడి కొనసాగితే దాణాను అనుమానించాలి. విటమిన్ ఏ తగ్గితే రక్తపు చుక్కలు పెరుగుతాయి, ఈ విటమిన్ పాతబడిన దాణాలో క్రమంగా నశిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. పెట్టలకు నీళ్లలో కలిపి ఇచ్చే సల్ఫా మందుల్లో కొన్ని, ముఖ్యంగా సల్ఫాక్వినాక్సలిన్, దాని పనికి అడ్డుపడతాయి. ఇటీవల మీ కోళ్లకు అలాంటి మందు వాడి ఉంటే చుక్కల మాట అలా ఉంచి, మందు ఆపాక ఎన్ని రోజుల వరకు గుడ్లు తినకూడదో పశువైద్యుడిని అడిగి, అన్ని రోజులూ వాటిని వాడకండి. బూజు పట్టిన దాణాను కోళ్లకు వేయకండి, మీ గుడ్ల కోసం మాత్రమే కాదు, వాటి కాలేయం కోసం కూడా.

రెండు సొనల గుడ్లకు వస్తే, వాటి వెనుక ఉన్నది మీ ఆరు కొత్త పెట్టలేనని నేను దాదాపు నమ్మకంగా చెప్పగలను. రేపటిది, ఎల్లుండిది అంటూ సొనలు వరుస కట్టి ఉంటాయని ఇందాక అన్నాను. గుడ్లు పెట్టడం అప్పుడే మొదలుపెట్టిన పెట్టలో ఆ వరుస ఇంకా కుదురుకుని ఉండదు. రెండు సొనలు ఒకే సైజుకు పెరిగి, రెండూ ఒకే రోజు సిద్ధమవుతాయి. విడుదలకు సంకేతమిచ్చే హార్మోను పెరిగినప్పుడు రెండు సంచులూ ఒకేసారి, లేదా కొద్ది వ్యవధిలో చీలుతాయి. అండవాహిక తన దగ్గరకు వచ్చినదాన్ని లెక్కపెట్టదు. రెండు సొనలనూ కలిపి ఒకే తెల్లసొన చుట్టేస్తుంది, వాటి మీద ఒకే పెంకు కడుతుంది. జాతిని బట్టి కూడా ఈ స్వభావం ఎక్కువ తక్కువగా ఉంటుంది, బరువైన కోళ్లలో ఎక్కువ. వయసు ఇంకా రాకుండానే ఎక్కువ గంటలు దీపపు వెలుతురు ఇచ్చి తొందరగా గుడ్లకు తెచ్చిన పెట్టల్లోనూ ఎక్కువే. కొన్ని వారాలు గడిచి వరుస స్థిరపడ్డాక చాలా పెట్టల్లో ఇది దానంతటదే తగ్గిపోతుంది.

వీటిని పగలగొట్టక ముందే గుర్తించవచ్చు. గుడ్డు పొడవుగా, మిగతావాటికన్నా స్పష్టంగా బరువుగా ఉంటుంది. చీకటి గదిలో టార్చి ముఖాన్ని గుడ్డు బొద్దు కొనకు ఆనించి వెలిగిస్తే లోపల రెండు నీడలు పక్కపక్కనే తేలుతూ కనిపిస్తాయి. అదే వెలుతురులో రక్తపు చుక్క కూడా కొన్నిసార్లు సొన నీడతోపాటు కదిలే ముదురు మచ్చలా తెలుస్తుంది కానీ, గోధుమరంగు పెంకు వెలుతురును ఆపేస్తుంది కాబట్టి అందులో కనబడకపోవచ్చు. తినేవారికి జంట సొన వల్ల ఏ హానీ లేదు. మామూలు గుడ్డుకన్నా పచ్చసొన పాలు ఎక్కువ, అంతే. రెండూ కలిసి రెండు మామూలు సొనలంత ఉండవు, ఎందుకంటే విడివిడిగా చూస్తే ఒక్కొక్కటి చిన్నదే. కొలెస్ట్రాల్ దృష్ట్యా పచ్చసొనను కొలిచి తినమని వైద్యుడు చెప్పినవారు మాత్రం దాన్ని ఒక గుడ్డుగా లెక్కపెట్టకూడదు.

జంట సొన వల్ల ఇబ్బంది ఏదైనా ఉంటే అది పెట్టకే. చిన్న వయసు పెట్ట పెద్ద గుడ్డు పెట్టేటప్పుడు ద్వారం దగ్గర చర్మం చీలి, పెంకు పైన నెత్తురు గీతలు పడవచ్చు. ఇది లోపలి చుక్కతో సంబంధం లేని వేరే సంగతి. ఒకటి రెండుసార్లయితే ఫర్వాలేదు. పెట్ట వెనుక భాగం ఉబ్బి, లోపలి ఎర్రటి కండ బయటికి కనబడితే దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి పశువైద్యుడికి చూపించండి, ఎందుకంటే తోటి కోళ్లు ఆ ఎరుపును పొడుస్తాయి.

వండే విషయంలో గుర్తుంచుకోవలసినది, చుక్క ఉండటానికి, గుడ్డులో సూక్ష్మజీవులు ఉండటానికి సంబంధం లేదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకిన పెట్ట అండాశయం నుంచే గుడ్డు లోపలికి చేరగలదు, అలాంటి గుడ్డు పైకి మచ్చ లేకుండా శుభ్రంగానే కనిపించవచ్చు. కాబట్టి చుక్క ఉన్నదాన్ని మాత్రమే బాగా ఉడికించి, లేనిదాన్ని పచ్చిగా తాగడం తెలివైన పని కాదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు ఏ గుడ్డునైనా తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేవరకు వండి పెట్టండి. గుడ్డు కలిపిన వంటకం లోపల డెబ్బై ఒక్క డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఈ భయం ఉండదు. చుక్కను కత్తి కొనతో తీసేస్తారా, అలాగే వండుతారా అన్నది మీ ఇష్టం. తీయడం వల్ల భద్రత పెరగదు, చూసేవారి మనసు కుదుటపడుతుంది.

పెసరగింజంత చుక్క గుడ్డు గురించి చెబుతానన్నాను. అమెరికా వ్యవసాయ శాఖ గుడ్ల ప్రమాణాల్లో, మచ్చలన్నీ కలిపి సుమారు మూడు మిల్లీమీటర్లకు మించకపోతే గుడ్డుకు కింది తరగతి ఇచ్చి అమ్మనిస్తారు. అంతకు మించినా, రక్తం తెల్లసొనలో కలిసి పాకినా, దాన్ని తినడానికి పనికిరానిదిగా పక్కన పెడతారు. మీ ఆవగింజంత చుక్కలు ఆ హద్దులోనే ఉన్నాయి, పెసరగింజంతది కొంచెం దాటింది. వండితే దానివల్ల మీకు జబ్బు చేస్తుందని నేను అనుకోను, ఇప్పటికే తినేసి ఉంటే కంగారు పడవలసిన పని లేదు. అయినా ఒక గుడ్డు కోసం మనసులో సందేహం పెట్టుకుని తినడం దేనికి? నేనైతే దాన్ని పక్కన పడేస్తాను. రక్తం తెల్లసొన అంతా పరచుకుని ఎర్రనీళ్లలా కనిపించే గుడ్డును కూడా అలాగే పారేస్తాను.

రక్తంతో పనిలేకుండానే తెల్లసొన మొత్తం గులాబి రంగులో గానీ, ఆకుపచ్చగా మెరుస్తూ గానీ కనిపిస్తే అది వేరే సంగతి. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవులు పట్టి గుడ్డు చెడిందని దాని అర్థం. దాన్ని ఎంత ఉడికించినా తినకూడదు. దుర్వాసన వచ్చేదీ, ఎప్పుడు పగిలిందో తెలియకుండా పెంకు బీటలు వారినదీ అంతే. జంట సొన గుడ్ల పెంకు ఒక్కోసారి తన సైజుకు తగినంత మందంగా ఉండదు కాబట్టి, వాటిని గంపలో పైవరుసలోనే ఉంచి, బీట ఉందో లేదో రోజూ చూడండి.

వాటిని పెట్ట కింద వేసి కవలపిల్లలు పుడతాయేమో చూద్దామని ఇంట్లో ఎవరైనా ముచ్చటపడితే మాత్రం వద్దనండి. సొనలు రెండింటిలోనూ పిండం మొదలుకావచ్చు కానీ, ఒకే పెంకులో రెండింటికీ చోటూ గాలీ చాలవు. చివరి రోజుల్లో గుడ్డును లోపలి నుంచి పొడవడానికి అవి సరిగ్గా తిరగలేవు కూడా. రెండూ బతికి బయటపడటం చాలా అరుదు. ఇరవై ఒక్క రోజుల తరువాత మీ చేతికి వచ్చేది ఎక్కువసార్లు మురిగిన గుడ్డే.